పాస్‌పోర్టు అర్జెంటు రీఇష్యూ: అమెరికాలో కూతురు ఐసీయూలో ఉంది, పాస్‌పోర్టు ఆఫీసుకి లెటర్ ఎలా రాయాలి?

ఖమ్మం_కిరణ్ | సోమవారం, రాత్రి 8:10

అందరికీ నమస్కారం. మా పెదనాన్న గారి తరఫున అడుగుతున్నాను. ఆయన వయసు 63, ఉండేది ఖమ్మం. మా అక్క డల్లాస్‌లో కారు ప్రమాదంలో గాయపడి శనివారం నుంచి ఐసీయూలో ఉంది. శుక్రవారం రెండో సర్జరీ. బావ గారు ఒక్కరే హాస్పిటల్లో, ఇంట్లో ఇద్దరు చిన్న పిల్లలు. పెదనాన్న వెంటనే బయలుదేరాలి.

చిక్కేమిటంటే ఆయన పాస్‌పోర్టు రెండు నెలల క్రితమే ఎక్స్‌పైర్ అయింది. అందులో అమెరికా విజిటర్ వీసా మాత్రం 2031 దాకా ఉంది. ఇంకా అప్లై చేయలేదు, డబ్బు కట్టలేదు. లెటర్ ఒకటి రాశాను, చూసి తప్పులు చెప్పండి:

"గౌరవనీయులైన పాస్‌పోర్టు ఆఫీసర్ గారికి, నా కుమార్తె అమెరికాలో ప్రాణాపాయ స్థితిలో ఉంది. తండ్రిగా నా బాధ మీరు అర్థం చేసుకోగలరు. ఆమెకు ఇద్దరు పసిపిల్లలు. అల్లుడు ఒంటరిగా ఇబ్బంది పడుతున్నాడు. దయచేసి మానవతా దృక్పథంతో నాకు వీలైనంత త్వరగా పాస్‌పోర్టు ఇప్పించవలసిందిగా ప్రార్థిస్తున్నాను."

దీనికి హాస్పిటల్ బెడ్ మీద అక్క ఫొటోలు రెండు జత చేద్దామనుకుంటున్నాం.

---

లీల_ఎడిసన్ | సోమవారం, రాత్రి 8:31

కిరణ్, ఇండియన్ కాన్సులేట్‌లో ఎమర్జెన్సీ సర్టిఫికెట్ అని ఇస్తారు, పాస్‌పోర్టు లేకపోయినా ప్రయాణం చేయొచ్చు. అక్క ఉన్న ఊరు హ్యూస్టన్ కాన్సులేట్ కిందికి వస్తుంది. బావ గారిని అక్కడికి రాయమనండి.

---

పద్మజ_సికింద్రాబాద్ | సోమవారం, రాత్రి 8:44

లీల గారూ, ఆ సర్టిఫికెట్ విదేశంలో ఇరుక్కున్న భారతీయులు ఇండియాకి తిరిగి రావడానికి. ఒక్కసారికి, ఒకే దిక్కుకి పనికొస్తుంది. ఇక్కణ్ణుంచి అమెరికా వెళ్ళడానికి పనికిరాదు. కాన్సులేట్‌కి ఈ కేసులో చేయడానికి ఏమీ లేదు, పెదనాన్న గారు ఉన్నది ఖమ్మంలో. ఆయన ఫైలు హైదరాబాద్ రీజనల్ పాస్‌పోర్టు ఆఫీసు పరిధిలోది.

కిరణ్, ముందు ఒక ఊరట. వీసా ఉన్న పాస్‌పోర్టు ఎక్స్‌పైర్ అయినా వీసా పోదు. కొత్త పాస్‌పోర్టు, పాత పాస్‌పోర్టు రెండూ పట్టుకుని వెళ్తే సరిపోతుంది. కాబట్టి వీసా పని లేదు, పాస్‌పోర్టు ఒక్కటే పని.

ఇక లెటర్. మీరు రాసిందాంట్లో అబద్ధం లేదు, కానీ చదివిన ఆఫీసర్‌కి చేయడానికి పని దొరకదు. "త్వరగా ఇప్పించండి" అంటే ఏం చేయాలి? ఆ రోజు లోపలికి రానివ్వాలా? అపాయింట్‌మెంటు ముందుకు జరపాలా? పోలీసు రిపోర్టు కోసం ఆగకుండా ఇవ్వాలా? పోస్టులో పంపకుండా చేతికివ్వాలా? ఇవి నాలుగూ వేర్వేరు అధికారాలు. ఏది కావాలో మీరు రాస్తే దానికి ఆయన ఔననో కాదనో అనగలరు. పైగా ఏఆర్‌ఎన్ అనే దరఖాస్తు నంబరు లేదు, పాత పాస్‌పోర్టు నంబరు లేదు, ఎప్పటికి వెళ్ళాలో తేదీ లేదు. నంబరు లేని లెటర్‌ని ఏ ఫైలుకి కలపాలో ఎవరికీ తెలియదు. ఇన్‌వార్డ్‌లో ముద్ర పడుతుంది, అంతే.

ఫొటోలు పెట్టకండి. మంచం మీద మనిషి ఫొటో ఎవరిదో, ఏ రోజుదో తేలదు. హాస్పిటల్ లెటర్ కావాలి.

ఈ రాత్రికి చేయాల్సింది: passportindia.gov.in లో పెదనాన్న గారి పేరు మీద రిజిస్టరై, Re-issue of Passport తీసుకుని, Tatkaal ఎంచుకోండి. కారణం దగ్గర "Validity Expired within 3 years/Due to Expire" పెట్టాలి. 36 పేజీల బుక్‌లెట్ చాలు. తత్కాల్ మొత్తం 3,500 రూపాయలు. అందులో 1,500 ఇప్పుడు ఆన్‌లైన్‌లో, మిగతా 2,000 పాస్‌పోర్టు సేవా కేంద్రంలో కడతారు. డబ్బు కట్టి అపాయింట్‌మెంటు పెట్టుకోగానే రసీదు వస్తుంది. ఏఆర్‌ఎన్ దాని మీదే ఉంటుంది. లెటర్ ఆ తర్వాత.

---

తాటికొండ_రాజు | సోమవారం, రాత్రి 9:02

తమ్ముడూ, పద్మజ గారు చెప్పినవి చెయ్, కానీ అనుభవం ఉన్నవాళ్ళ మాట కూడా విను. మూడు పనులు. ఒకటి, టికెట్ ముందే బుక్ చేసి జత చెయ్, అప్పుడే నమ్ముతారు. రెండు, ఎంపీ గారి ఆఫీసు నుంచి సిఫార్సు లెటర్ తెచ్చుకో. మూడు, అడ్రస్ మారినా పాత అడ్రసే ఇవ్వు. అడ్రస్ మార్చావంటే పోలీసు వెరిఫికేషన్ పడుతుంది, మూడు వారాలు పోతుంది.

---

ఖమ్మం_కిరణ్ | సోమవారం, రాత్రి 9:15

రాజు అన్నా, అడ్రస్ నిజంగానే మారింది. పాత పాస్‌పోర్టులో వైరా రోడ్డు ఇల్లు, ఇప్పుడు ఉండేది మా బాబాయి వాళ్ళ దగ్గర, బైపాస్ వైపు. ఆధార్‌లో కొత్త అడ్రసే ఉంది. అయితే పాతదే ఇవ్వమంటారా?

---

పద్మజ_సికింద్రాబాద్ | సోమవారం, రాత్రి 9:27

వద్దు కిరణ్. రాజు గారు చెప్పిందాంట్లో సగం నిజం ఉంది కాబట్టే జాగ్రత్తగా చెప్తున్నాను. అడ్రస్ మారితే పోలీసు వెరిఫికేషన్ పడే అవకాశం ఎక్కువ, అది నిజం. కానీ తత్కాల్‌లో వెరిఫికేషన్ సాధారణంగా పాస్‌పోర్టు ఇచ్చాక జరుగుతుంది. ముందు బుక్‌లెట్ చేతికొస్తుంది, తర్వాత కానిస్టేబుల్ ఇంటికొస్తాడు. ఆయన వచ్చేసరికి పెదనాన్న అమెరికాలో ఉంటారు. ఆ విషయం మాత్రం ఇంట్లోవాళ్ళు చెప్పడానికి సిద్ధంగా ఉండాలి. టికెట్, కొత్త పాస్‌పోర్టు కాపీలు ఇంట్లో ఉంచండి.

పాత అడ్రస్ ఇస్తే ఏమవుతుంది? మొదట, ఆధార్‌లో ఒకటి, ఫారంలో ఇంకొకటి కనిపించి కౌంటర్ దగ్గరే ఆగుతుంది. ఒకవేళ దాటినా, స్పీడ్ పోస్టు వైరా రోడ్డు ఇంటికి వెళ్తుంది. పోస్ట్‌మ్యాన్ పాస్‌పోర్టుని దరఖాస్తుదారు చేతికి, గుర్తింపు కార్డు చూసి మాత్రమే ఇస్తాడు. మనిషి లేకపోతే కవరు వెనక్కి. అన్నింటికంటే, తెలిసి తప్పుడు సమాచారం ఇవ్వడం 1967 పాస్‌పోర్టుల చట్టం సెక్షన్ 12 కింద నేరం. రెండేళ్ళ వరకు జైలు, 5,000 వరకు జరిమానా, లేదా రెండూ. పాస్‌పోర్టు స్వాధీనం చేసుకునే అధికారం కూడా వాళ్ళకుంది. కూతురి పక్కన ఉండగా అలాంటి నోటీసు రావడం ఎవరికీ వద్దు.

కాబట్టి నిజం అడ్రస్ ఇవ్వండి. అవసరం లేని మార్పులు మాత్రం ఏవీ ఇప్పుడు పెట్టకండి. సంతకం మార్చడం, పుట్టిన ఊరు సరిచేయడం, ఇంటిపేరు విడగొట్టడం, ఇవన్నీ తర్వాత చూసుకోవచ్చు. పేరులో పెద్ద మార్పు పెడితే తత్కాల్ అర్హతే పోతుంది.

టికెట్ కొనమనడం నాకు నచ్చలేదు. రిఫండ్ లేని టికెట్ కొని, ఫైలు ఒకరోజు ఆగితే లక్ష పోతుంది. లెటర్‌లో "ఫలానా తేదీకి సర్జరీ, అంతకుముందు చేరాలి" అని హాస్పిటల్ లెటర్ ఆధారంగా రాస్తే చాలు. ట్రావెల్ ఏజెంట్ దగ్గర డబ్బు కట్టని ఐటినరరీ దొరికితే పెట్టండి. ఎంపీ గారి లెటర్ వల్ల నష్టం లేదు, కానీ దానికోసం మంగళవారం పోగొట్టుకోకండి.

---

రవి_ప్లేనో | సోమవారం, రాత్రి 9:50

డల్లాస్ పక్కనే ఉంటాను. హాస్పిటల్ లెటర్ గురించి చెప్తాను, ఎక్కువమంది అక్కడే ఒక రోజు పోగొట్టుకుంటారు.

ఇక్కడ డాక్టర్‌ని ఫోన్‌లో అడిగితే ఇవ్వరు. ప్రైవసీ చట్టం వల్ల పేషెంట్ అనుమతి కావాలి, పేషెంట్ స్పృహలో లేకపోతే భర్త సంతకం కావాలి. మీ బావ గారు నేరుగా ఐసీయూ ఫ్లోర్‌లో ఉండే సోషల్ వర్కర్‌ని గానీ కేస్ మేనేజర్‌ని గానీ కలిసి "కుటుంబ సభ్యుడి ప్రయాణం కోసం లెటర్" అని అడగాలి. వాళ్ళే టైపు చేసి డాక్టర్ సంతకానికి పెడతారు. ఇక్కడ ఇప్పుడు సోమవారం పొద్దున కాబట్టి ఇవాళ అడిగితే మీకు రేపు తెల్లవారేసరికి మెయిల్లో వస్తుంది. రేపు మీ సాయంత్రం దాకా ఆగి అడిగితే ఒక రోజు పోయినట్టే.

లెటర్‌లో ఉండాల్సినవి: హాస్పిటల్ లెటర్‌హెడ్, తేదీ, పేషెంట్ పూర్తి పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టు, పుట్టిన తేదీ, ఎప్పుడు చేరింది, పరిస్థితి ఒకటి రెండు వాక్యాల్లో, తర్వాతి సర్జరీ తేదీ, తండ్రి పేరు, ఆయన రావడం ఎందుకు అవసరమో, డాక్టర్ పేరు, హోదా, ఫోన్ నంబరు, సంతకం. తండ్రి పేరు ఆయన పాస్‌పోర్టులో ఎలా ఉందో అలాగే అక్షరం పొల్లు పోకుండా రాయించండి. బావ గారికి ఆ పేజీ ఫొటో వాట్సాప్‌లో పంపండి, నోటితో చెప్తే స్పెల్లింగ్ తప్పుతారు.

---

ఖమ్మం_కిరణ్ | సోమవారం, రాత్రి 10:05

రవి గారూ, బావకి ఇప్పుడే చెప్పాను, సోషల్ వర్కర్ దగ్గరికి వెళ్తున్నారు. పద్మజ గారూ, ఫారం నింపుతున్నాను. ఒక అనుమానం. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఆధార్‌లో మాత్రం ఇంటిపేరుకి ఒక్క అక్షరమే, ఆ తర్వాత పేరు. పాన్‌లో పూర్తిగా ఉంది. ఇబ్బందా?

---

పద్మజ_సికింద్రాబాద్ | సోమవారం, రాత్రి 10:21

మన తెలుగువాళ్ళకి కౌంటర్ దగ్గర ఎక్కువగా తగిలే ఇబ్బంది ఇదే. ఫారంలో పేరు మాత్రం పాత పాస్‌పోర్టులో ఉన్నట్టే, ఇంటిపేరు ఇంటిపేరు గడిలో, పేరు పేరు గడిలో. ఆధార్‌ని చూసి కుదించకండి. అలా చేస్తే పేరు మార్పు కింద లెక్క.

తత్కాల్‌కి జాబితాలోంచి మూడు ఆధారాలు అడుగుతారు. పేరు పూర్తిగా ఉన్నవి ముందు వరుసలో పెట్టండి: పాన్, ఓటరు కార్డు, బ్యాంకు పాస్‌బుక్ లాంటివి. ఆధార్ అడ్రస్ కోసం ఎలాగూ ఉంటుంది. ఓటరు కార్డులో స్పెల్లింగ్ తేడా ఉందేమో ఇప్పుడే చూసుకోండి, రేపు కౌంటర్ దగ్గర కాదు. ఇంటిపేరుకి ఒక్క అక్షరం ఉందని ఫైలు పక్కన పెట్టాలా వద్దా అన్నది అక్కడి వెరిఫికేషన్ ఆఫీసర్ చూస్తారు. మిగతా రెండింట్లో పూర్తి పేరు, పుట్టిన తేదీ సరిపోతే సాధారణంగా ఇబ్బంది పెట్టరు.

ఒరిజినల్స్ అన్నీ కావాలి. పాత పాస్‌పోర్టు మొదటి రెండు పేజీలు, చివరి రెండు పేజీలు జిరాక్స్ తీసి సంతకం పెట్టండి. అబ్జర్వేషన్ పేజీ ఉంటే అదీ.

---

నిజామాబాద్_అన్వర్ | సోమవారం, రాత్రి 10:40

మధ్యలో వచ్చినందుకు క్షమించండి. మా అన్న మస్కట్‌లో హాస్పిటల్లో ఉన్నాడు. నా పాస్‌పోర్టు పోయింది, ఎక్స్‌పైర్ కాలేదు, పోయింది. నేనూ ఇదే లెటర్ పెట్టుకుని తత్కాల్‌లో వెళ్ళొచ్చా?

---

పద్మజ_సికింద్రాబాద్ | సోమవారం, రాత్రి 10:58

అన్వర్ గారూ, మీది వేరే దారి. పోయిన పాస్‌పోర్టుకి బదులు తీసుకునేది తత్కాల్‌లో రాదు, మామూలు స్కీములోనే. ఫీజు 36 పేజీలకి 3,000. పోలీసు స్టేషన్లో పోయినట్టు రిపోర్టు, అనెక్సర్ ఎఫ్ అఫిడవిట్, పాత పాస్‌పోర్టు జిరాక్స్ ఉంటే అది. రిపోర్టులో నంబరు తప్పు పడిందంటే మళ్ళీ మొదలు, స్టేషన్లోనే చదివి చూసుకోండి.

మీ కేసులో లెటర్ బరువు ఇంకా ఎక్కువ, కానీ అడిగేది మారుతుంది. "తత్కాల్ ఇవ్వండి" అని అడగకూడదు, అది ఆఫీసర్ చేతిలో లేనిది. "మెడికల్ ఎమర్జెన్సీ కింద ముందస్తుగా దరఖాస్తు తీసుకోండి, పోలీసు వెరిఫికేషన్ త్వరగా పంపండి" అని అడగాలి. ఫైలు నంబరు వచ్చాక అదే లెటర్ కాపీతో మీ జిల్లా పోలీసు స్పెషల్ బ్రాంచ్‌కి వెళ్ళి చూపించండి. మామూలు స్కీములో ఆలస్యం ఎక్కువసార్లు ఆ దశలోనే. వాళ్ళు వెరిఫికేషన్‌కి వచ్చే రోజు మీరు ఇంట్లో లేకపోతే ఇంకా ఆలస్యం.

---

శ్రీలత_అడ్వకేట్ | సోమవారం, రాత్రి 11:15

ఒక్క విషయం కలుపుతాను, కిరణ్ గారి పెదనాన్నకి వర్తించకపోవచ్చు గానీ ఈ థ్రెడ్ చదివే ఇంకొకరికి ఉపయోగపడుతుంది. ఆయన మీద కోర్టులో క్రిమినల్ కేసు ఏదైనా పెండింగ్‌లో ఉందా? పొలం గొడవలో పెట్టిన పాత కేసైనా, చెక్ బౌన్స్ అయినా లెక్కే. ఉంటే ఎంత మంచి లెటర్ రాసినా పని జరగదు. కేసున్న కోర్టు నుంచి విదేశం వెళ్ళడానికి అనుమతి ఆర్డర్ కావాలి. 1993 నాటి నోటిఫికేషన్ జీఎస్‌ఆర్ 570(ఇ) ప్రకారం కోర్టు ఎంత కాలానికి అంటే అంత కాలానికి ఇస్తారు, కాలం చెప్పకపోతే ఏడాదికే. కాబట్టి పిటిషన్‌లోనే కాలం స్పష్టంగా అడగాలి. హాస్పిటల్ లెటర్ ఉంటే అర్జెంటుగా వినమని కోర్టుని కోరవచ్చు. ఫారంలో ఆ ప్రశ్నకి "లేదు" అని కొట్టేయడం మాత్రం చేయకండి.

---

ఖమ్మం_కిరణ్ | సోమవారం, రాత్రి 11:32

కేసులేమీ లేవు మేడమ్. డబ్బు కట్టాను, ఏఆర్‌ఎన్ వచ్చింది. కానీ తత్కాల్ కోటాలో హైదరాబాద్ సేవా కేంద్రాల్లో ఒక్క స్లాటూ లేదు. మామూలు కోటాలో దొరికింది వచ్చే వారం బుధవారం. అంటే సర్జరీ అయిపోయాక. ఖమ్మం పోస్టాఫీసు కేంద్రంలో గురువారం ఒకటి కనిపిస్తోంది. అది తీసుకోనా?

---

తాటికొండ_రాజు | సోమవారం, రాత్రి 11:40

ఖమ్మందే తీసుకో, ఊళ్ళోనే పని అయిపోతుంది. హైదరాబాద్ 200 కిలోమీటర్లు ఎందుకు పోవడం.

---

పద్మజ_సికింద్రాబాద్ | సోమవారం, రాత్రి 11:55

ఇక్కడ రాజు గారితో నేను ఏకీభవించను, కానీ ఇది ఎవరి అంచనా వాళ్ళది. పోస్టాఫీసు కేంద్రంలో కాగితాలు తీసుకుంటారు, వేలిముద్రలు తీస్తారు, మంజూరు మాత్రం సికింద్రాబాద్‌లో ఉన్న రీజనల్ ఆఫీసులో జరుగుతుంది. పెద్ద సేవా కేంద్రంలో అయితే ఏ, బీ, సీ మూడు కౌంటర్లూ ఒకే చోట. ఏలో ఫొటో, వేలిముద్రలు, స్కానింగ్, బీలో వెరిఫికేషన్, సీలో మంజూరు. ఏదైనా తేడా వస్తే అక్కడే అసిస్టెంట్ పాస్‌పోర్టు ఆఫీసర్‌ని కలవొచ్చు. అర్జెంటు కేసుకి ఆ మనిషి ఎదురుగా ఉండటమే ముఖ్యం.

ఇప్పుడు మీకు దొరికిన వచ్చే బుధవారం స్లాట్‌నే మామూలు కోటాలో పెట్టేయండి. తత్కాల్ కోటా లేనప్పుడు మామూలు కోటాలో పెట్టుకున్నా తత్కాల్ దరఖాస్తు తత్కాలే. రసీదు చేతిలో ఉంటుంది. ఆ పైన, మెడికల్ ఎమర్జెన్సీ కేసుల్లో అపాయింట్‌మెంటు లేకుండా సేవా కేంద్రానికి రావచ్చని, అనుమతించడం అక్కడి ఇన్‌చార్జి లేదా పాస్‌పోర్టు ఆఫీసర్ విచక్షణ మీద ఆధారపడుతుందని ఆ వెబ్‌సైటే చెబుతోంది. మన లెటర్ అడగాల్సింది సరిగ్గా ఈ విచక్షణనే. అది హక్కు కాదు. అందుకే కాగితాలు గట్టిగా ఉండాలి.

లెటర్ ఇదిగో. ఇంగ్లీషులో టైపు చేయించండి, ఆఫీసర్‌కి తెలుగు రాకపోవచ్చు. వరుస మాత్రం మార్చకండి. ఒక్క పేజీ దాటకూడదు.

> గౌరవనీయులైన రీజనల్ పాస్‌పోర్టు ఆఫీసర్ గారికి, హైదరాబాద్
> (పాస్‌పోర్టు సేవా కేంద్రం ఇన్‌చార్జి గారి ద్వారా)
>
> తేదీ: ____
>
> విషయం: మెడికల్ ఎమర్జెన్సీ కింద తత్కాల్ రీఇష్యూ దరఖాస్తు స్వీకరించమని వినతి. ఏఆర్‌ఎన్ ____, పాత పాస్‌పోర్టు నంబరు ____, గడువు ముగిసిన తేదీ ____
>
> అయ్యా,
>
> నా పేరు ____, పుట్టిన తేదీ ____, నివాసం ఖమ్మం. నా కుమార్తె ____ (పాస్‌పోర్టు నంబరు ____) డల్లాస్‌లోని ____ హాస్పిటల్లో ____ తేదీ నుంచి ఐసీయూలో ఉంది. రెండో సర్జరీ శుక్రవారం ____ తేదీన జరగాల్సి ఉంది. డాక్టర్ ____ ఇచ్చిన లెటర్ జత చేశాను.
>
> నా పాస్‌పోర్టు గడువు ముగిసింది. అందులోని అమెరికా వీసా ____ వరకు చెల్లుబాటులో ఉంది. కొత్త పాస్‌పోర్టు అందితే వేరే వీసా అవసరం లేకుండా వెంటనే బయలుదేరగలను.
>
> తత్కాల్ దరఖాస్తు చేశాను. దొరికిన అపాయింట్‌మెంటు ____ తేదీన, అది సర్జరీ తర్వాత. కాబట్టి కింది మూడింటిని కోరుతున్నాను:
>
> 1. ఈ రోజే సేవా కేంద్రంలో నా దరఖాస్తు స్వీకరించి పరిశీలించడం.
> 2. అడ్రస్ మారినందున పోలీసు వెరిఫికేషన్ అవసరమైతే, పాస్‌పోర్టు ఇచ్చిన తర్వాత జరపడం.
> 3. మంజూరైతే ముద్రణకు ప్రాధాన్యం ఇచ్చి, వీలుంటే ఆఫీసులో స్వయంగా తీసుకునే అనుమతి ఇవ్వడం.
>
> పై వివరాలన్నీ నిజం. కుమార్తె పాస్‌పోర్టులో తండ్రిగా నా పేరున్న పేజీ కాపీ జత చేశాను.
>
> సంతకం, మొబైల్ నంబరు
>
> జతచేసినవి: ఏఆర్‌ఎన్ రసీదు, హాస్పిటల్ లెటర్, కుమార్తె పాస్‌పోర్టు మొదటి, చివరి పేజీలు, ఆమె అమెరికా వీసా లేదా నివాస పత్రం కాపీ, నా పాత పాస్‌పోర్టు, వీసా పేజీ కాపీలు.

కొన్ని మాటలు. పిల్లల గురించి, బావ గారి గురించి రాయలేదు. నిజమే అయినా దాని మీద ఆఫీసర్ నిర్ణయం ఆధారపడదు, చోటు తింటుంది. సంబంధం రుజువు చాలా ముఖ్యం. అక్క పెళ్ళయ్యాక ఇంటిపేరు మారి ఉంటే, హాస్పిటల్ లెటర్‌లో ఒక ఇంటిపేరు, తండ్రికి ఇంకొకటి కనిపిస్తుంది. తండ్రి పేరున్న ఆమె పాస్‌పోర్టు పేజీయే ఆ రెంటినీ కలుపుతుంది. ఆ పేజీ లేకపోతే ఆమె పుట్టిన సర్టిఫికెట్ గానీ టెన్త్ మెమో గానీ పెట్టండి.

సంతకం పెదనాన్నదే ఉండాలి, మీది కాదు. పాత పాస్‌పోర్టులో చేసినట్టే చేయమనండి.

---

రవి_ప్లేనో | మంగళవారం, తెల్లవారుజామున 5:20

పద్మజ గారి మూడో పాయింటు గురించి ఒక మాట. చేతికిస్తారని పూర్తిగా నమ్ముకోకండి. ఇవ్వకపోతే స్పీడ్ పోస్టు ఖమ్మం వెళ్తుంది, పెదనాన్న అక్కడుండాలి. ఫ్లైట్ మాత్రం హైదరాబాద్ నుంచి. టికెట్ పెట్టేటప్పుడు ఈ రెండింటి మధ్య ఒక పూట ఉంచండి.

---

ఖమ్మం_కిరణ్ | మంగళవారం, ఉదయం 6:05

హాస్పిటల్ లెటర్ వచ్చింది. తండ్రి పేరు సరిగ్గా ఉంది. సర్జరీ తేదీ ఉంది. డాక్టర్ ఫోన్ నంబరు మాత్రం లేదు, సంతకం, హోదా ఉన్నాయి. మళ్ళీ అడగాలా?

---

పద్మజ_సికింద్రాబాద్ | మంగళవారం, ఉదయం 6:18

లెటర్‌హెడ్ మీద హాస్పిటల్ మెయిన్ నంబరు ఉంటే అదే చాలు. దీనికోసం ఇవాళ్టి రోజు వదులుకోకండి. బావ గారిని అడిగించండి, వస్తే తర్వాత జత చేయొచ్చు. అక్కడివాళ్ళు పంపిన మెయిల్ కూడా ప్రింట్ తీసుకోండి, ఎవరి నుంచి ఎప్పుడు వచ్చిందో కనిపిస్తుంది.

కేంద్రం గేటు దగ్గర సెక్యూరిటీ "అపాయింట్‌మెంటు ఇవాళ కాదు" అంటాడు. వాదించకండి. మెడికల్ ఎమర్జెన్సీ, అసిస్టెంట్ పాస్‌పోర్టు ఆఫీసర్‌ని కలవాలి అని చెప్పి లెటర్ చూపించండి. లోపలికి పంపే ముందు సాధారణంగా లెటర్ మీద ఆఫీసర్ చేత రాయించుకుంటారు. ఆ రాసిన కాపీ ఒకటి మీ దగ్గర ఉంచుకోండి, కౌంటర్ల దగ్గర అడుగుతారు. రెండు సెట్లు తీసుకెళ్ళండి. లెటర్ మీద తేదీ ఇవాళ్టిదే ఉండాలి.

ఇదే లెటర్ పీడీఎఫ్‌గా rpo.hyderabad@mea.gov.in కి ఇప్పుడే మెయిల్ చేయండి. సబ్జెక్టులో ఏఆర్‌ఎన్ ముందు, తర్వాత మెడికల్ ఎమర్జెన్సీ అని. కేంద్రంలో కాదంటే సికింద్రాబాద్ ఆఫీసుకి వెళ్ళి, పొద్దున మెయిల్ చేశామని చూపించగలరు. మెయిల్ ఒక్కటే పంపి జవాబు కోసం ఇంట్లో కూర్చోవడం మాత్రం వద్దు.

---

సుజాత_గుంటూరు | మంగళవారం, ఉదయం 7:40

పద్మజ గారూ, మాది విజయవాడ ఆఫీసు పరిధి. మేం వారం క్రితమే మామూలు స్కీములో డబ్బు కట్టేశాం, ఇప్పుడు మెడికల్ ఎమర్జెన్సీ వల్ల మా అత్తగారికి వెంటనే సింగపూర్ వెళ్ళాల్సి వచ్చింది. తత్కాల్‌కి మార్చుకోవచ్చా, కొత్తగా కట్టాలా?

---

తాటికొండ_రాజు | మంగళవారం, ఉదయం 7:52

కేంద్రంలోనే మారుస్తారమ్మా, తేడా డబ్బు కడితే చాలు.

---

పద్మజ_సికింద్రాబాద్ | మంగళవారం, ఉదయం 8:10

సుజాత గారూ, దాని మీద నేను గట్టిగా చెప్పలేను, ఆఫీసుని బట్టి వేర్వేరుగా విన్నాను. 1800-258-1800 కి ఫోన్ చేసి మీ ఏఆర్‌ఎన్ చెప్పి అడగండి. కేంద్రానికి వెళ్ళినా లెటర్‌లో రెండింటినీ అడగండి: తత్కాల్‌గా తీసుకోమని, కుదరకపోతే మెడికల్ ఎమర్జెన్సీ కింద మామూలు స్కీములోనే ముందుగా చూడమని. రెండో వినతి లేకపోతే మొదటిదానికి కాదన్నప్పుడు చేతిలో ఏమీ మిగలదు.

---

ఖమ్మం_కిరణ్ | మంగళవారం, సాయంత్రం 4:45

పొద్దున 10:30 కి కేంద్రానికి చేరాం. లెటర్ మీద అనుమతి రాశారు. ఏ కౌంటర్‌లో ఇబ్బంది లేదు. బీలో ఆధార్ పేరు గురించి అడిగారు, పాన్, ఓటరు కార్డు చూసి వదిలేశారు. సీలో మంజూరైంది. వెరిఫికేషన్ పాస్‌పోర్టు ఇచ్చాకే అన్నారు. చేతికివ్వడం మాత్రం కుదరదన్నారు, స్పీడ్ పోస్టే. పాత పాస్‌పోర్టు మూల కత్తిరించి తిరిగిచ్చారు.

---

పద్మజ_సికింద్రాబాద్ | మంగళవారం, సాయంత్రం 5:02

పాత పాస్‌పోర్టు ఇప్పుడే తెరిచి వీసా పేజీ చూడండి కిరణ్. కత్తెర గానీ క్యాన్సిల్ ముద్ర గానీ వీసా మీద పడలేదు కదా? పడకపోతే సరే. రెండూ విడదీయకుండా ఒకే కవర్లో పెట్టుకోమనండి. వీసా పాతదాంట్లో, పాస్‌పోర్టు నంబరు కొత్తదాంట్లో అని చెక్‌ఇన్ కౌంటర్‌లో చెప్పాలి.

వెరిఫికేషన్ పాస్‌పోర్టు ఇచ్చాకే కాబట్టి మూడో పని దినానికి పోస్టు అవుతుందని లెక్క, ఇవాళ లెక్కలోకి రాదు. అంటే శుక్రవారం లోపు పంపాలి. లెటర్ వల్ల ముందే ముద్రణ అయితే మెసేజ్‌లో స్పీడ్ పోస్టు నంబరు వస్తుంది. శుక్రవారం సర్జరీకి అందుకోవడం కష్టమని పెదనాన్నకి ఇప్పుడే చెప్పండి. శని, ఆదివారాల ఫ్లైట్ చూడండి.

---

ఖమ్మం_కిరణ్ | మంగళవారం, సాయంత్రం 5:20

వీసా పేజీకి ఏమీ కాలేదు. పెదనాన్న రాత్రి బస్సుకి ఖమ్మం వెళ్తున్నారు. పోస్టు వచ్చేదాకా ఇంట్లోనే ఉంటారు.

---

నిజామాబాద్_అన్వర్ | మంగళవారం, సాయంత్రం 6:10

కిరణ్ తమ్ముడూ, స్పీడ్ పోస్టు నంబరు రాగానే ట్రాక్ చేస్తూ ఉండు. ఖమ్మం హెడ్ పోస్టాఫీసుకి చేరినట్టు కనిపించగానే పొద్దున్నే ఆధార్ తీసుకుని పెదనాన్నని అక్కడికే పంపి అడిగి చూడు. పోస్ట్‌మ్యాన్ బీటు మీదకి బయలుదేరకముందే వెళ్ళాలి.

పద్మజ గారూ, నా రిపోర్టులో నంబరు ఒక అంకె తప్పు పడింది, మీరు చెప్పాక చూసి మార్పించుకున్నాను. అఫిడవిట్ రేపు. ఆ రోజే ఫారం వేస్తాను.